ఫ్లూ జ్వరం వస్తే ఏ మాత్ర ఆపాలి, ఏది ఆపకూడదు? షుగర్, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను చిన్న ఊళ్లో జనరల్ ఫిజీషియన్‌ని. వానలు మొదలైన దగ్గర్నుంచి సెప్టెంబరు దాకా, మళ్లీ సంక్రాంతి వెళ్లాక ఒక నెల రెండు నెలలు, మా ఓపీలో ఫ్లూ జ్వరాలే ఎక్కువ. వయసులో ఉన్నవాళ్లు వారం పడుకుని లేస్తారు. షుగరో, ఉబ్బసమో, గుండె జబ్బో ఉన్నవాళ్లలో మాత్రం కొందరు ఆసుపత్రిలో చేరాల్సి వస్తుంది. వాళ్లలో చాలామందిని అక్కడిదాకా తెచ్చింది వైరస్ ఒక్కటే కాదు. జ్వరం వచ్చిన ఆ నాలుగు రోజుల్లో రోజూ వేసుకునే మందుల్లో ఏది ఆపారు, ఏది ఆపలేదు అన్నది కూడా. ఆ విషయం మీద నన్ను అడిగే ప్రశ్నలనే ఇక్కడ రాస్తున్నాను. ఇది చదివి మీ డాక్టరుతో ఒకసారి మాట్లాడి, మీకు సరిపడే కాగితం ఒకటి రాయించుకోండి. ఒంట్లో బాగున్నప్పుడే ఆ పని చేయాలి.

మామూలు జలుబో, ఫ్లూనో ఎలా తెలుస్తుంది?

జలుబు మెల్లగా వస్తుంది. ముక్కు కారడం, తుమ్ములు, గొంతులో గరగర, తర్వాత కాస్త ఒళ్లు వెచ్చబడటం. ఫ్లూ అలా కాదు. పొద్దున బజారుకి వెళ్లొచ్చిన మనిషి సాయంత్రానికి దుప్పటి కప్పుకుని వణుకుతుంటాడు. 101, 102 జ్వరం, కాళ్లూ నడుమూ విరిచినట్టు నొప్పులు, తలనొప్పి, పొడి దగ్గు. ఫలానా గంటకు మొదలైందని చెప్పగలిగితే అది ఫ్లూ అయ్యే అవకాశం ఎక్కువ. వైరస్ సోకాక ఒకటి నుంచి నాలుగు రోజుల్లో బయటపడుతుంది కాబట్టి, రెండు రోజుల క్రితం ఇంట్లో ఎవరికైనా ఇలాంటి జ్వరం వచ్చిందా అన్నది కూడా గుర్తు చేసుకోండి.

వానాకాలంలో డెంగ్యూ, మలేరియా కూడా ఇలాగే మొదలవుతాయి. దగ్గు, గొంతు నొప్పి లేకుండా జ్వరం ఒక్కటే ఉంటే ఫ్లూ అని మీరే తేల్చుకోకుండా రక్త పరీక్ష చేయించుకోండి.

జ్వరంలో ఏమీ తినలేదు. అయినా షుగర్ ఎందుకు పెరిగింది?

ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు శరీరం దాన్ని ఎదుర్కోవడానికి కార్టిసాల్, అడ్రినలిన్ లాంటి హార్మోన్లను ఎక్కువగా వదులుతుంది. అవి కాలేయంలో దాచి ఉన్న చక్కెరను రక్తంలోకి తోస్తాయి. అదే సమయంలో ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి కూడా. అందుకే పొద్దున్నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ పుచ్చుకోని మనిషికి కూడా 280 కనిపిస్తుంది. షుగర్ పెరిగితే మూత్రం ఎక్కువ పోతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది. నీరు తగ్గితే షుగర్ ఇంకా చిక్కబడుతుంది. జ్వరం చెమటలు దానికి తోడు. రెండు రోజుల్లో మనిషి నీరసించిపోయేది ఇలాగే.

ఇన్సులిన్ వాడేవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. "తిండే లేదు కదా, సూది ఎందుకు" అని పూర్తిగా మానేయకూడదు. ముఖ్యంగా రాత్రిపూట వేసుకునే, రోజంతా పనిచేసే ఇన్సులిన్ ఆపకూడదు. భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్‌ని తిన్నదాన్ని బట్టి, షుగర్‌ని బట్టి తగ్గించాలో పెంచాలో డాక్టరు ముందే రాసి ఇవ్వాలి. చిన్నప్పుడే షుగర్ వచ్చిన టైప్ 1 వాళ్లకైతే ఒక్క రోజు ఇన్సులిన్ ఆపినా ప్రాణం మీదికి వస్తుంది.

లంఖణం పరమౌషధం అంటారు కదా. జ్వరంలో కడుపు మాడ్చుకుంటే మంచిది కాదా?

షుగర్ మందులు లేని రోజుల్లో, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కోసం పుట్టిన మాట అది. షుగర్ మాత్రలు వేసుకునే మనిషి లంఖణం చేస్తే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను.

మా మేనమామకి 63 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. నాలుగేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేశారు. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, డపాగ్లిఫ్లోజిన్ షుగర్‌కి. ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్, మెటోప్రొలాల్ గుండెకి. ఆగస్టులో ఒక సోమవారం సాయంత్రం చలిజ్వరం మొదలైంది. నోరు చేదుగా ఉందని రాత్రి ఏమీ తినలేదు. మాత్రలన్నీ మాత్రం క్రమం తప్పకుండా వేసుకున్నాడు. మంగళవారం తెల్లవారుజామున బనియన్ తడిసిపోయేలా చెమటలు పట్టి, పేరు పెట్టి పిలిచినా సరిగ్గా పలకలేదు. జ్వరం విడిచిన చెమటలు అనుకుని అత్తయ్య ఫ్యాన్ వేసింది. అదృష్టం కొద్దీ మిషన్‌తో చూసింది. 54 ఉంది. చక్కెర నీళ్లు తాగిస్తే పావుగంటలో తేరుకున్నాడు. తిండి లేకపోయినా గ్లిమిపిరైడ్ తన పని తాను చేసుకుపోతుంది. అదే ఆ తెల్లవారుజామున జరిగింది.

ఆ పొద్దున నాకు ఫోన్ చేస్తే గ్లిమిపిరైడ్ ఆపమన్నాను. మిగతావి అడగలేదు. డపాగ్లిఫ్లోజిన్ గుండెకి కూడా మంచిదని ఎవరో చెప్పారని అది మాత్రం వదలకుండా వేసుకున్నాడు. రెండు రోజులూ గుక్కెడు కాఫీ, రెండు ముద్దల గంజి తప్ప కడుపులోకి వెళ్లింది లేదు. గురువారం వాంతులు మొదలయ్యాయి. నేను ఫోన్‌లో అడిగిన మొదటి ప్రశ్న "షుగర్ ఎంత ఉందత్తా?" అని. "190 రా, బాగానే ఉంది" అంది. నాకూ గుండె కుదుటపడింది. సాయంత్రం మళ్లీ ఫోన్ చేసి, "మీ మామయ్య పడుకుని కూడా పరిగెత్తినవాడిలా ఊపిరి పీలుస్తున్నాడు" అంది. ఆ మాటతో నాకు విషయం అర్థమైంది. ఆసుపత్రికి తీసుకెళ్లి చూస్తే రక్తంలో కీటోన్లు నిండా ఉన్నాయి. ఐసీయూలో సెలైన్, ఇన్సులిన్ పెట్టారు. నాలుగు రోజులకి ఇంటికొచ్చాడు.

షుగర్ 190 ఉంటే అంత ప్రమాదం ఎలా వచ్చింది?

డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు రక్తంలోని చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి. అందుకే మిషన్‌లో అంకె పెద్దగా కనిపించదు. కానీ తిండి లేక, ఇన్సులిన్ చాలక, శరీరం కొవ్వును కరిగించుకుని బతుకుతుంటుంది. కొవ్వు కరిగితే కీటోన్లు అనే ఆమ్లాలు పుడతాయి. అవి పేరుకుంటే రక్తం పుల్లబడి వాంతులు, కడుపు నొప్పి, ఆగకుండా లోతుగా ఊపిరి పీల్చడం మొదలవుతాయి. మామూలుగా ఈ స్థితిలో షుగర్ 300, 400 దాటి ఉంటుంది కాబట్టి అందరూ జాగ్రత్తపడతారు. ఈ మందు వాడేవాళ్లలో అంకె తక్కువగా ఉండి మోసం చేస్తుంది.

2020లో పేటెంట్ గడువు తీరాక డపాగ్లిఫ్లోజిన్ మన దగ్గర చాలా చౌకగా దొరుకుతోంది. షుగర్‌కే కాదు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి, కిడ్నీ జబ్బుకి కూడా రాస్తున్నారు. మంచి మందు, సందేహం లేదు. కానీ జ్వరంతో తిండి మానేసిన రోజు నుంచి దాన్ని ఆపాలన్న సంగతి చాలామంది పేషెంట్లకు ఎవరూ చెప్పడం లేదు. మీ మాత్రల పట్టీ వెనక చూడండి, చివర "గ్లిఫ్లోజిన్" అని ఉంటే ఈ జాతి మందే. రెండు మూడు మందులు కలిపిన మాత్రలో కూడా ఇది ఉండొచ్చు, కాబట్టి పెద్ద పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్నది కూడా చదవాలి.

అయితే జ్వరం రోజుల్లో ఏ షుగర్ మాత్ర ఆపాలి?

నేను నా పేషెంట్లకు రాసిచ్చేది ఇదీ. మీ డాక్టరు మీ కిడ్నీ, వయసు చూసి మార్చవచ్చు. సరిగ్గా తినలేకపోతున్నా, వాంతులో విరేచనాలో అవుతున్నా గ్లిఫ్లోజిన్ మాత్ర ఆపాలి. వాంతులు, విరేచనాలతో నీరు పోతుంటే మెట్‌ఫార్మిన్ కూడా ఆపాలి. గ్లిమిపిరైడ్, గ్లిక్లాజైడ్ లాంటివి తిండి సగానికి తగ్గితే తగ్గించాలి, తిండే లేకపోతే ఆ పూటకి మానాలి. ఇన్సులిన్ సంగతి పైన చెప్పాను. ఆపినవాటిని మామూలుగా తినడం, తాగడం మొదలై ఒకటి రెండు రోజులయ్యాక మళ్లీ వేసుకోవాలి.

షుగర్ మాత్ర ఆపడమంటే షుగర్ చూడటం మానడం కాదు. మాత్ర ఆపిన రోజుల్లోనే మిషన్ పని ఎక్కువ. మెలకువగా ఉన్నంతసేపు నాలుగు గంటలకొకసారి చూసి కాగితం మీద రాయండి. రెండుసార్లు వరసగా 300 దాటినా, 70 కన్నా తగ్గినా డాక్టరుకి ఫోన్ చేయాలి. 70 కన్నా తగ్గితే ముందు మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూసి, అప్పుడు ఫోన్. మగతగా ఉండి మింగలేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకండి, 108కి చేయండి. ఇన్సులిన్ వాడేవాళ్లు, గ్లిఫ్లోజిన్ వాడేవాళ్లు మూత్రంలో కీటోన్లు చూసే పట్టీల డబ్బా ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి. పెద్ద మందుల షాపుల్లో దొరుకుతుంది. వాంతులుంటే షుగర్ ఎంత ఉన్నా సరే పట్టీ ముంచి చూడాలి. రంగు ముదిరితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

నోటికి ఏదీ సహించకపోతే ఏం పెట్టాలి?

కొంచెం కొంచెంగా, రెండు గంటలకొకసారి. బియ్యం గంజి, రాగి జావ, చారు అన్నం మెత్తగా పిసికి, ఒక ఇడ్లీ, పెరుగన్నం, పాలల్లో నానిన బ్రెడ్డు. ఇలాంటప్పుడు షుగర్ పేషెంటుకి అన్నం పెట్టొద్దు, చపాతీయే తినాలి అని పట్టుపట్టకండి. పిండి పదార్థం కొంచెమైనా కడుపులో పడితేనే కీటోన్లు పుట్టవు. నీళ్లు, పల్చటి మజ్జిగ గంటకొక గ్లాసు చొప్పున గుటకలుగా తాగాలి.

గుండె బలహీనంగా ఉండి రోజుకి లీటరో లీటరున్నరో నీళ్లే తాగమని చెప్పినవాళ్లకి ఈ గంటకొక గ్లాసు లెక్క వర్తించదు. వాళ్లు ఉప్పు మజ్జిగ, ఓఆర్ఎస్ ప్యాకెట్లు సొంతంగా మొదలుపెట్టకూడదు. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. టెల్మిసార్టాన్, స్పైరనోలాక్టోన్ లాంటి మందులు వాడుతూ కిడ్నీ కూడా దెబ్బతిన్నవాళ్లకి రోజుకి రెండు మూడు బోండాలు మేలు కన్నా కీడే చేస్తాయి.

ఫ్లూకీ గుండెపోటుకీ సంబంధం ఏమిటి? జ్వరం వల్ల గుండెపోటు వస్తుందా?

వస్తుంది. ఇది నమ్మకం కాదు, లెక్కతో తేలిన విషయం. కెనడాలోని ఒంటారియోలో పరిశోధకులు పరీక్షలో ఫ్లూ తేలినవాళ్లను, గుండెపోటుతో ఆసుపత్రిలో చేరినవాళ్లను కలిపి చూశారు. ఫ్లూ తేలిన మొదటి ఏడు రోజుల్లో గుండెపోటు అవకాశం, అదే మనుషులకి మిగతా రోజుల్లో ఉన్నదానికి సుమారు ఆరు రెట్లు ఉంది. 2018లో ఇది అచ్చయింది.

కారణం ఊహకి అందేదే. ఒక డిగ్రీ సెల్సియస్ జ్వరం పెరిగితే గుండె నిమిషానికి దాదాపు పదిసార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ ఉంటే రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. అంటే గుండెకి పని పెరిగి, అందాల్సింది తగ్గుతుంది. పైగా ఇన్ఫెక్షన్‌తో ఒళ్లంతా వాపు చర్య నడుస్తున్నప్పుడు, రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వు గడ్డ పైపొర చిట్లే అవకాశం, దాని మీద రక్తం గడ్డకట్టే గుణం రెండూ పెరుగుతాయి.

షుగర్ కూడా ఉన్నవాళ్లలో ఛాతీ నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు. అకస్మాత్తుగా చల్లటి చెమటలు, ఎగశ్వాస, దవడలోనో ఎడమ చేతిలోనో లాగడం, చెప్పలేనంత నీరసం వస్తే జ్వరం మీదికి నెట్టేయకుండా వెంటనే ఈసీజీ తీయించాలి.

గుండె మాత్రలు కూడా ఆపాలా?

ఆపకూడదు. మా అత్తయ్య కూడా ఆ మంగళవారం భయపడి అన్ని మాత్రలూ ఆపేద్దామనుకుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పల్చబడే మందులు, ముఖ్యంగా స్టెంట్ వేసిన ఏడాదిలోపు, ఒక్క రోజు కూడా మానకూడదు. మెటోప్రొలాల్ లాంటివి ఉన్నట్టుండి ఆపితే గుండె దడ, నొప్పి తిరగబెడతాయి. స్టాటిన్ కొనసాగించాలి. మాత్ర వేసుకున్న అరగంటలో వాంతి అయితే ఇంకొకటి వేసుకోవాలా వద్దా అన్నది కూడా ముందే అడిగి రాయించుకోండి, ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది.

చిక్కంతా నీరు తీసే మాత్ర, బీపీ మాత్రల దగ్గర. వాంతులు, విరేచనాలతో నీరు పోతూ, లేచి నిలబడితే కళ్లు తిరుగుతుంటే, ఫ్రూసెమైడ్, టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి బీపీని, కిడ్నీని దెబ్బతీస్తాయి. అలాగని గుండె బలహీనంగా ఉన్న మనిషి సొంతంగా ఆపేస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కాబట్టి రెండు కొలతలు ఇంట్లో ఉండాలి. ఒకటి బీపీ మిషన్, రెండోది బరువు చూసే కాటా. ఆరోగ్యంగా ఉన్నప్పటి బరువు కాగితం మీద రాసి ఉంచండి. జ్వరం రోజుల్లో పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక చూడాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగి, పాదాలు ఉబ్బి, పడుకుంటే ఆయాసం వస్తుంటే నీరు చేరుతున్నట్టు. పై బీపీ 100 కన్నా తగ్గి బరువు కూడా పడిపోతుంటే నీరు తక్కువైనట్టు. ఈ రెండు అంకెలు చెబితే డాక్టరు ఫోన్‌లోనే మాత్ర సంగతి తేల్చగలడు.

మందుల షాపులో జలుబు మాత్ర తెచ్చుకోవచ్చా? ఆర్‌ఎంపీ గారు ఒక సూది వేస్తే పొద్దుటికి తగ్గిపోతుంది కదా?

జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే చాలు. పెద్దవాళ్లకి 650 మిల్లీగ్రాముల మాత్ర ఆరు గంటలకొకటి, రోజుకి నాలుగుకి మించకుండా. లివర్ జబ్బు ఉన్నవాళ్లు ఇంకా తక్కువ, అడిగి వాడాలి. షాపులో ఇచ్చే జలుబు మాత్రలో పారాసెటమాల్‌తోపాటు ఫినైలెఫ్రిన్ ఉంటుంది. అది ముక్కు దిబ్బడ తీయడానికి రక్తనాళాలను బిగిస్తుంది. బీపీ పెరుగుతుంది, గుండె దడ వస్తుంది. పైగా అందులో పారాసెటమాల్ ఉందని తెలియక విడిగా ఇంకొకటి వేసుకుంటారు. ముక్కు దిబ్బడకి ఉప్పునీటి చుక్కలు వేసుకోండి.

ఒళ్లునొప్పులకి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ వద్దు. గుండె బలహీనంగా ఉంటే ఒంట్లో నీరు నిలుపుతాయి, కిడ్నీ మీద భారం వేస్తాయి, కొందరు ఉబ్బసం రోగుల్లో ఆయాసాన్ని రేపుతాయి.

సూది గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. "ఒక్క సూదితో జ్వరం దిగింది" అన్నప్పుడు ఆ సిరంజిలో తరచూ డెక్సామెథజోన్ అనే స్టెరాయిడ్, డైక్లోఫెనాక్ ఉంటాయి. జ్వరం దిగుతుంది, వైరస్ అలాగే ఉంటుంది. షుగర్ మర్నాటికి 400 దాటుతుంది. అలా వచ్చినవాళ్లను ప్రతి వానాకాలం చూస్తున్నాను. పేరు రాయని సూది వేయించుకోకండి. వేసినది ఏమిటో చీటీ మీద రాసివ్వమని అడగండి. యాంటీబయాటిక్ కూడా ఫ్లూ వైరస్‌ని ఏమీ చేయదు.

ఉబ్బసం ఉన్న మా బాబుకి జ్వరం వస్తే ఇన్‌హేలర్ ఆపుతున్నాం, వేడి చేస్తుందని. తప్పా?

తప్పే అమ్మా, అన్నిటికంటే పెద్ద తప్పు ఇదే. రోజూ పీల్చే ఇన్‌హేలర్‌లోని మందు శ్వాసనాళాల లోపలి వాపును అణిచి ఉంచుతుంది. ఫ్లూ వైరస్ సరిగ్గా అక్కడే, ఆ నాళాల పైపొర మీదే దాడి చేస్తుంది. పొర దెబ్బతిని, వాపు పెరిగి, కఫం చిక్కబడి, నాళాలు బిగుసుకుంటాయి. రక్షణ అవసరమైన వారంలోనే రక్షణ తీసేసినట్టు అవుతుంది. పీల్చే మందు మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, ఒంటికి వేడి చేయదు, అలవాటూ పడదు.

జ్వరం రాకముందే మూడు పనులు చేసి ఉంచండి. రిలీవర్ ఇన్‌హేలర్, అంటే సాల్బ్యుటమాల్ ఉన్నది, ఖాళీ కాకుండా ఉందా, గడువు తీరిందా చూడండి. అర్ధరాత్రి బుస్‌మని ఉత్త గాలి వచ్చే డబ్బాతో పరిగెత్తుకొచ్చిన తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. రెండోది స్పేసర్, అంటే ఇన్‌హేలర్‌కీ నోటికీ మధ్య పెట్టుకునే డొల్ల గొట్టం. స్పేసర్ లేకపోతే అర లీటరు ప్లాస్టిక్ నీళ్ల సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి బిగుతుగా పట్టేంత కన్నం చేసి, సందు లేకుండా టేపు చుట్టి, సీసా మూతి నోట్లో పెట్టుకుని పీల్చవచ్చు. బాగా పనిచేస్తుంది. మూడోది పీక్ ఫ్లో మీటర్. ఊదే ఈ చిన్న గొట్టంలో ఆరోగ్యంగా ఉన్నప్పుడు మీకు వచ్చే అత్యధిక అంకె రాసిపెట్టుకోవాలి. ఉదాహరణకి 300 అనుకోండి. జ్వరంలో 240 కన్నా తగ్గితే జాగ్రత్త పడాలి, 150 కన్నా తగ్గితే ఆసుపత్రికి వెళ్లాలి.

పిల్లికూతలు మొదలైతే రిలీవర్ ఒక్కొక్క పఫ్ చొప్పున, ప్రతి పఫ్‌కీ నాలుగైదు ఊపిర్లు తీసుకుంటూ, నాలుగు పఫ్‌లు ఇవ్వండి. ఇరవై నిమిషాలు చూసి మళ్లీ నాలుగు. అలా గంటలో మూడుసార్లు ఇచ్చినా తగ్గకపోతే, లేదా తగ్గి మూడు గంటలు తిరక్కుండానే మళ్లీ వస్తే, బయలుదేరాలి. దారిలో కూడా పఫ్‌లు ఇస్తూనే ఉండాలి. ఇంట్లో నెబ్యులైజర్ ఉన్నవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. రెండు గంటలకొకసారి పెట్టుకుంటూ రాత్రంతా నెట్టుకొస్తారు. అది ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేస్తుంది అంతే.

ఉబ్బసం, షుగర్ రెండూ ఉన్నవాళ్లకి డాక్టరు ఐదు రోజులు ప్రెడ్నిసొలోన్ మాత్ర రాయాల్సి రావచ్చు. అవసరమైతే భయపడకుండా వేసుకోండి. కానీ పొద్దున వేసుకున్న మాత్ర మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా షుగర్ పెంచుతుంది. పరగడుపున 120 చూసి నిశ్చింతగా ఉండొద్దు, సాయంత్రం భోజనానికి ముందు చూడండి.

ఫ్లూకి ప్రత్యేకమైన మందు ఉందా?

ఉంది. ఒసెల్టామివిర్. పెద్దవాళ్లకి 75 మిల్లీగ్రాముల గొట్టం రోజుకి రెండుసార్లు, ఐదు రోజులు. కిడ్నీ బలహీనంగా ఉంటే మోతాదు తగ్గించాలి. జ్వరం మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం. మీలాంటివాళ్లకి అనుమానం బలంగా ఉంటే పరీక్ష రిపోర్టు కోసం ఆగకుండా మొదలుపెట్టడం సరైన పద్ధతి. మన దేశ ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు కూడా షుగర్, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లను విడిగా లెక్కించి ఈ మందు ఇమ్మంటున్నాయి. కానీ చీటీ లేకుండా అమ్మరు, ఊళ్లో ప్రతి షాపులోనూ ఉండదు. మూడు రోజులు చూద్దాం అనుకునేసరికి ఆ 48 గంటలు అయిపోతాయి. మొదటి రోజే డాక్టరుకి ఫోన్ చేయాలని నేను పట్టుపట్టేది దీనికే.

టీకా ఎప్పుడు వేయించుకోవాలి? వేయించుకుంటే ఫ్లూ రాదా?

వైరస్ ఏటా రూపు మార్చుకుంటుంది కాబట్టి టీకా ఏటా వేయించుకోవాలి. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. తెలుగు రాష్ట్రాల్లో పెద్ద తాకిడి వానాకాలంలోనే కాబట్టి మే, జూన్ నెలల్లో వేయించుకోవడం మంచిది. ఆ నెలలు దాటిపోతే ఎప్పుడైనా సరే, మానేయడం కన్నా మేలు. అమెరికాలో ఉన్న మనవాళ్లకి తాకిడి చలికాలంలో, అందుకే అక్కడ సెప్టెంబరు, అక్టోబరుల్లో వేస్తారు.

టీకా వేసుకున్నా ఫ్లూ రావచ్చు. వైరస్‌కీ టీకాకీ పొత్తు బాగా కుదిరిన ఏడు కూడా జబ్బు రాకుండా ఆపేది 40 నుంచి 60 శాతమే. అయినా మీకు ఎందుకు చెబుతున్నానంటే, వచ్చినా తీవ్రత తగ్గుతుంది. గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో ఉన్నవాళ్లకి వెంటనే ఫ్లూ టీకా వేసి చూసిన ఒక అధ్యయనం 2021లో వెలువడింది. దాదాపు 2,500 మంది. ఏడాది తిరిగేసరికి టీకా వేసుకోనివాళ్లలో 4.9 శాతం మంది చనిపోతే, వేసుకున్నవాళ్లలో 2.9 శాతం.

మన దగ్గర వేసే సూది టీకాలో బతికున్న వైరస్ ఉండదు, దానివల్ల ఫ్లూ రాదు. మర్నాడు చేయి నొప్పి, కాస్త జ్వరం సహజం. రక్తం పల్చబడే మందు వాడేవాళ్లు సూది వేసిన చోట రెండు మూడు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకోవాలి. తొమ్మిదేళ్లలోపు ఉబ్బసం పిల్లలకి మొదటి ఏడాది నాలుగు వారాల తేడాతో రెండు డోసులు కావాలి. న్యుమోనియా టీకా గురించి కూడా అదే రోజు అడగండి.

అమ్మానాన్న ఊళ్లో ఇద్దరే ఉంటారు. నేను దూరం నుంచి ఏం చేయగలను?

ఈసారి వెళ్లినప్పుడు వాళ్ల మాత్రల సంచి ముందు కూర్చోండి. ఒక్కొక్క పట్టీ ఫోటో తీసి, డాక్టరుని అడిగి, పట్టీ మీదే స్కెచ్ పెన్నుతో "జ్వరంలో ఆపాలి" లేదా "ఆపొద్దు" అని తెలుగులో రాయండి. మా మేనమామ ఇంట్లో ఇప్పుడు గ్లిఫ్లోజిన్ మాత్రలు ఎర్ర రబ్బరు బ్యాండు వేసిన డబ్బాలో ఉంటాయి. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. అందులో ఆయన మామూలు బరువు 71 కిలోలు, మామూలు బీపీ, కిడ్నీ పరీక్ష అంకె, ఎర్ర బ్యాండు డబ్బా జ్వరంలో తెరవొద్దన్న మాట, తినకపోతే గ్లిమిపిరైడ్ వద్దన్న మాట, ఆస్పిరిన్ ఆపొద్దన్న మాట, డాక్టరు నంబరు, ఆటో అబ్బాయి నంబరు, 108 ఉన్నాయి. పక్కనే థర్మామీటరు, పల్స్ ఆక్సిమీటరు, షుగర్ మిషన్‌కి రెండు వారాలకు సరిపడా స్ట్రిప్పులు. స్ట్రిప్పుల గడువు తీరిపోతే అంకె తప్పు చూపిస్తుంది, అది కూడా చూడండి.

ఫోన్ చేసినప్పుడు "ఎలా ఉంది?" అని అడిగితే "పర్వాలేదు నాన్నా" అనే అంటారు. ఈరోజు ఏం తిన్నారు, ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లారు, ఆక్సిజన్ ఎంత ఉంది అని అడగండి. మాట్లాడేటప్పుడు ఒక వాక్యం పూర్తి కాకుండా ఊపిరి కోసం ఆగుతున్నారేమో వినండి.

ఇంట్లో చూసుకోవడం ఆపి, ఎప్పుడు బయలుదేరాలి?

ఆక్సిజన్ 94 కన్నా తగ్గితే ఆ పూటే డాక్టరు చూడాలి. 90 కన్నా తగ్గితే 108. చల్లటి వేళ్ల మీద, గోరింటాకో రంగో ఉన్న గోళ్ల మీద అంకె తప్పు రావచ్చు, చేయి వెచ్చచేసి ఇంకో వేలికి పెట్టి చూడండి. ఉబ్బసంలో మాత్రం 96 ఉన్నా, మనిషి మాట్లాడలేకపోతుంటే, మెడ గుంటలు లోపలికి లాగుతుంటే అంకెని నమ్మొద్దు. ఛాతీలో బరువు, పెదాలు నీలంగా మారడం, మాట తడబడటం, ఆగని వాంతులు, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోవడం, ఇవేవైనా సరే ఆగకూడదు.

ఇంకొక సంగతి జనం పట్టించుకోరు. జ్వరం తగ్గి రెండు రోజులు బాగుండి, నాలుగో రోజో ఐదో రోజో మళ్లీ చలితో జ్వరం, పచ్చటి కఫం, పక్కలో పోటు వస్తే అది ఫ్లూ తిరగబెట్టడం కాదు. దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లో బ్యాక్టీరియా చేరి న్యుమోనియా అయ్యుంటుంది. అప్పుడు ఎక్స్‌రే, యాంటీబయాటిక్ కావాలి. వార్ఫరిన్ లేదా ఎసిట్రోమ్ వాడేవాళ్లు యాంటీబయాటిక్ మొదలైతే ఐఎన్ఆర్ పరీక్ష త్వరగా చేయించుకోవాలి, రక్తం మరీ పల్చబడిపోవచ్చు.

జ్వరం తగ్గింది. మందులు, వాకింగ్ మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఆపిన మాత్రల్ని ఒక్కొక్కటిగా, తిండి కుదుటపడిన క్రమంలో మొదలుపెట్టండి. అన్నిటికంటే చివర గ్లిఫ్లోజిన్. ఎప్పుడు ఆపారో, ఎప్పుడు మొదలుపెట్టారో అదే కాగితం వెనక తేదీలు వేయండి. ఆపిన మాత్రని నెలల తరబడి మర్చిపోయి, తర్వాత షుగర్ అదుపు తప్పి వచ్చినవాళ్లూ ఉన్నారు. షుగర్ మామూలు స్థాయికి రావడానికి జ్వరం తగ్గాక కూడా వారం పైనే పట్టవచ్చు, కాబట్టి ఆ వారంలో కొత్త మాత్ర కలుపుకోకండి. దగ్గు రెండు మూడు వారాలు ఉంటుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు మొదటి వారం ఇంట్లోనే అటూ ఇటూ తిరగండి. పాత వేగంతో వాకింగ్ రెండో వారం తర్వాతే, అది కూడా మెట్లెక్కినప్పుడు ఆయాసం జ్వరానికి ముందున్నట్టే ఉంటేనే.